పై మేనేజర్‌కి తెలుగులో మెసేజ్: మర్యాద తగ్గకుండా, విషయం నాన్చకుండా రాయడం ఎలా

బెంగళూరు ఆఫీసుల్లో ఇంగ్లీషులో మెసేజ్ పెట్టేటప్పుడు మనకు తెలియకుండానే ఒక సౌకర్యం దొరుకుతుంది. పక్క సీటు స్నేహితుడికైనా, మూడు మెట్లు పైనున్న డైరెక్టర్‌కైనా ‘యూ’ ఒక్కటే. ఆ డైరెక్టర్ తెలుగావిడ అయి, ఒక రోజు చాట్‌లో “ఎంతవరకు వచ్చింది?” అని తెలుగులో అడిగారనుకోండి, ఆ సౌకర్యం పోతుంది. జవాబులో రాసే ప్రతి క్రియ చివర, ఆవిడకి మనం ఎంత గౌరవం ఇస్తున్నామో బయటపడుతుంది. చూశావా, చూశారా, చూడండి, చూస్తారా. వీటిలో ఏదో ఒకటి రాయక తప్పదు.

అక్కడ చాలామంది రెండు వైపుల్లో ఒక వైపు జారిపోతారు. కొందరు స్నేహితుడికి రాసినట్టే రాసేస్తారు. కొందరు భయపడి కలెక్టరాఫీసుకి అర్జీ పెట్టినట్టు రాస్తారు. రెండో రకం మెసేజ్‌లో మర్యాద లోటుండదు, కానీ ఏం కావాలో మాత్రం కనపడదు. ఈ రెండింటి మధ్య నుంచి ఎలా నడవాలో ఒక నిజమైన మెసేజ్ పట్టుకుని అడుగడుగునా చూపిస్తాను.

ముందు ఒక షరతు. ఇదంతా ఒకరికొకరు రాసుకునే చాట్ గురించే. గ్రూపులో కన్నడం, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లు ఉంటే అక్కడ తెలుగు వద్దు. మేనేజర్‌కి ఎంత మర్యాదగా రాసినా, మిగతావాళ్లని బయట నిలబెట్టినట్టవుతుంది. ఒకరికొకరు రాసుకునేటప్పుడు కూడా తెలుగు మొదలుపెట్టడం పెద్దవాళ్ల చేతిలో ఉంచడమే మంచిది. వాళ్లు తెలుగులో రాస్తే మనం తెలుగులో, వాళ్లు ఇంగ్లీషుకి మారితే మనమూ ఇంగ్లీషులో.

ఆ మెసేజ్ ఇదీ

మా టీమ్‌లో ఏడాది కిందట చేరిన అమ్మాయి ఒకరు, ఒక గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ నా ముందు పెట్టి “ఇది పంపొచ్చా?” అని అడిగింది. మర్నాడు రాత్రి ఒక రిలీజ్ వెళ్లాలి. కస్టమర్‌కి డబ్బు తనంతట తానే వాపసు వెళ్లే ఏర్పాటు అది. టెస్టింగ్‌లో మూడు చోట్ల తేడా వస్తోంది. సాయంత్రం 4 గంటలకు రిలీజ్ లిస్టు ఖరారవుతుంది, ఆలోపు డైరెక్టర్ మేడమ్ చేత ‘సరే’ అనిపించుకోవాలి. ఆ అమ్మాయి రాసుకున్నది ఇది:

> హాయ్ మేడమ్
>
> ఫ్రీయా?
>
> అదే, రేపటి రిలీజ్ గురించి
>
> రీఫండ్ టెస్టింగ్ ఇంకా అవ్వలేదు మేడమ్, నిన్న కూడా చెప్పాను కదా. డేటా టీమ్ వాడు లేట్ చేశాడు, మనం కూడా కొంచెం లేట్‌గా స్టార్ట్ చేశాం.. రేపు కష్టం అనిపిస్తోంది
>
> ఏం చేద్దామో కాస్త త్వరగా చెప్పండి ప్లీజ్ 🙏

చదవగానే ‘బాగానే ఉందే’ అనిపిస్తుంది. మేడమ్ అని ఉంది, ప్లీజ్ ఉంది, దండం కూడా ఉంది. కానీ మేడమ్ దీన్ని ఎలా చదువుతారో ఆలోచించండి. మీటింగ్‌లో ఉండగా ఫోన్ ఐదుసార్లు మోగుతుంది. మొదటి మూడింటిలో ఏమీ లేదు. నాలుగోదాంట్లో, నిన్న మీకు చెప్పినా పట్టించుకోలేదన్న నింద ఉంది. ఐదోది తొందరపెడుతోంది, కానీ దేనికి సరే అనాలో చెప్పట్లేదు. రిలీజ్ ఆపాలా, మార్చాలా, ఇంకో మనిషిని ఇవ్వాలా? ఏదీ లేదు.

“ఇంకొంచెం మర్యాదగా మారుస్తాను” అని ఆ అమ్మాయి అప్పటికప్పుడు ఇంకొకటి రాసింది. “నమస్కారం మేడమ్. మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు, మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు క్షమించగలరు. రేపటి రిలీజ్ విషయమై తమరి దృష్టికి తీసుకురాదలచినది ఏమనగా…” ఇది మరీ నష్టం. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. అందులో దండాలు తప్ప ఏమీ లేదు. మేడమ్ సాయంత్రం తీరిగ్గా చదువుదామని పక్కన పెట్టేస్తారు, 4 గంటలు దాటిపోతుంది.

మొదటి అడుగు: ముందు స్నేహితుడికి రాసినట్టు ఒక్క వాక్యం

మర్యాద సంగతి కాసేపు మర్చిపోండి. ఆ పని మీ స్నేహితుడి చేతిలో ఉంటే ఏమని అడుగుతారో ఒక్క వాక్యంలో రాయండి. ఆ అమ్మాయిని అదే అడిగాను. కాస్త ఆలోచించి, “రేపటి రిలీజ్ మంగళవారానికి మార్చు, రీఫండ్ రెండుసార్లు వెళ్లేలా ఉంది” అంది. ఇంతసేపూ ఆ మంగళవారం అన్న మాట మెసేజ్‌లో ఎక్కడా లేదు. టెస్టింగ్ ఆగిందన్న కథ ఉంది, కోరిక లేదు.

ఈ వాక్యం రాకపోతే మెసేజ్ పంపే వేళ ఇంకా రాలేదని అర్థం. ఏం కావాలో మనకే తేలనప్పుడు “ఏం చేద్దామో చెప్పండి” అని పై వాళ్ల మీద పెట్టేస్తాం. అది వినయంలా కనిపిస్తుంది, కానీ మన ఆలోచన పని వాళ్ల నెత్తిన పెట్టడమే. నిజంగా రెండు దారులుండి తేల్చుకోలేకపోతే ఆ రెండూ రాసి, మీరు దేనివైపు మొగ్గుతున్నారో చెప్పండి.

ఈ వాక్యాన్ని పారేయకండి. ఇకమీద మనం చేసేదంతా దీన్ని సరిచేయడమే.

రెండో అడుగు: పిలుపు, క్రియ చివరలు

స్నేహితుడికి రాసిన వాక్యంలోని ‘మార్చు’ని మార్చాలి. ఇక్కడే నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మాది అనంతపురం. మా వైపు వయసులో పెద్దవాళ్లని ‘అన్నా’ అని పిలిచి, వెంటనే ‘నువ్వు’ అనడంలో తప్పేమీ లేదు. గౌరవమంతా ఆ ‘అన్నా’లోనే ఉంటుంది. బెంగళూరులో చేరిన కొత్తలో మా పై మేనేజర్‌ది గోదావరి జిల్లా. ఒక సాయంత్రం ఆయనకి “అన్నా, నేను పంపిన షీట్ చూసినావా?” అని పెట్టాను. జవాబు ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది. ఆ తర్వాత రెండు వారాలు ఆయన నాకు తెలుగులో రాయలేదు. చివరికి నేనే వెళ్లి అడిగితే, “ఈ ఆఫీసులో నన్ను నువ్వు అన్నది నువ్వొక్కడివే” అన్నారు. కోపంగా కాదు, నొచ్చుకుని. మా ఊళ్లో దగ్గరితనం అనుకున్న మాట ఆయన ఊళ్లో చిన్నచూపు అయింది. రాయలసీమ, కోస్తా, తెలంగాణ వాళ్లంతా ఒకే అంతస్తులో పనిచేసే ఊరు ఇది. అందుకే మీ ఊరి అలవాటు ఏదైనా, చాట్‌లో మొదట ‘మీరు’తోనే వెళ్లండి.

పిలుపు సంగతికొస్తే, ఆఫీసులో అందరినీ పేరుతోనే పిలిచే పద్ధతి ఉన్నా, తెలుగులోకి రాగానే ఒట్టి పేరు కాస్త గుచ్చుకుంటుంది. పేరుకి ‘గారూ’ చేర్చండి, లేదా సార్, మేడమ్ అనండి. రెండూ కలిపి ‘సార్ గారూ’ అనక్కర్లేదు. “పేరుతో పిలు చాలు” అని వాళ్లే అంటే అలాగే పిలవండి, కానీ క్రియలో ‘రు’ మాత్రం ఉంచండి. ‘మచ్చా’, ‘గురూ’, ‘బ్రో’ లాంటి ఊరి మాటలు మేనేజర్ నోట ఎంత సరదాగా వచ్చినా, మన మెసేజ్‌లోకి రానివ్వొద్దు.

తర్వాత మెసేజ్‌లో ఉన్న ప్రతి క్రియ మీదా వేలు పెట్టి చివర చూడండి. మొదటి వాక్యంలో ‘మీరు చూశారా’ అని మొదలుపెట్టి, తొందరలో నాలుగో వాక్యంలో ‘చెప్పు’ అనేయడం చాలామందికి జరుగుతుంది. అలా మధ్యలో జారడం, మొదటి నుంచీ నువ్వు అనడం కన్నా ఎక్కువ ఎబ్బెట్టుగా ఉంటుంది. చదివేవాళ్లకి, మొదట పెట్టిన మర్యాద అంతా అతికించిందే అనిపిస్తుంది.

అక్కడ లేని మనుషుల విషయం కూడా ఇందులోకే వస్తుంది. ‘డేటా టీమ్ వాడు లేట్ చేశాడు’ అన్న వాక్యం మేడమ్‌ని ఏమీ అనలేదు. అయినా ఆ ‘వాడు’ మేడమ్ చెవిలో పడుతుంది, నా గురించి బయట ఎలా మాట్లాడతారో అన్న ఆలోచన వస్తుంది. పైగా తెలుగులో ఆడవాళ్ల గురించి ఏకవచనంలో చెబితే ‘చేసింది’ అనే రావాలి. సర్వర్ ఆగింది, ఆ అమ్మాయి ఆగింది, రెండింటికీ ఒకే క్రియ. స్నేహితుల మధ్య అది ఎవరికీ తట్టదు, పై వాళ్లకి రాసినప్పుడు మొరటుగా వినిపిస్తుంది. అందుకని పైకి రాసే మెసేజ్‌లో ఎవరి గురించి రాసినా ‘చేశారు’, ‘పంపారు’ అని అలవాటు చేసుకుంటే తంటా ఉండదు.

మూడో అడుగు: నిందని మోసే చిన్న మాటల్ని ఏరేయడం

క్రియలన్నీ సరిచేశాక కూడా మెసేజ్ కటువుగా ఉందంటే, తప్పు చిన్న మాటల్లో ఉంటుంది. తెలుగులో ఈ చిన్న మాటలకు చాలా బలం. ‘నిన్న చెప్పాను’ అంటే సమాచారం. ‘నిన్న చెప్పాను కదా’ అంటే ‘మీరు మర్చిపోయారు’ అని. ‘నిన్న కూడా చెప్పాను కదా’ అంటే ‘ఎన్నిసార్లు చెప్పాలి’ అని. రాసేవాళ్లకి అది తెలియదు. మాట్లాడేటప్పుడు ముఖం, గొంతు ఆ పదును తగ్గిస్తాయి కాబట్టి అలవాటుగా వచ్చేస్తుంది. తెర మీద మొహం ఉండదు, పదును మాత్రం మిగులుతుంది.

అలాగే ‘మళ్ళీ పంపుతున్నాను’లో ‘మళ్ళీ’, ‘మీరు ఇంకా చూడలేదు’లో ‘ఇంకా’, ‘అసలు విషయం ఏంటంటే’లో ‘అసలు’, ‘ఏదో ఒకటి చెప్పండి’లో ‘ఏదో ఒకటి’. వీటిని తీసేసి చదివి చూడండి, చాలాసార్లు విషయం ఏమాత్రం తగ్గదు. పాత మెసేజ్ గుర్తు చేయాల్సి వస్తే, “బుధవారం ఉదయం పంపినది చదవడానికి వీలుగా కింద పెడుతున్నాను” అనండి. ఎప్పుడు పంపారో అందులో ఉంది, నింద లేదు.

ఒక జాగ్రత్త. ఈ మాటలు ఎక్కడున్నా తప్పే అనుకోకండి. ‘మూడు టెస్టులు ఇంకా ఫెయిల్ అవుతున్నాయి’లో ‘ఇంకా’ టెస్టుల గురించి, అది ఉండొచ్చు. మేనేజర్ చేసిన పని పక్కనో, చేయని పని పక్కనో ఉన్నప్పుడే అది గుచ్చుతుంది.

నాలుగో అడుగు: మనమా, మేమా

ఇంగ్లీషులో ‘వీ’ ఒక్కటే. తెలుగులో ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. ఆ తేడా ఇంత చిన్న మెసేజ్‌లో కూడా పెద్ద పని చేస్తుంది.

ఆ అమ్మాయి ‘మనం కూడా కొంచెం లేట్‌గా స్టార్ట్ చేశాం’ అని రాసింది. కలుపుగోలుగా ఉంటుందని ‘మనం’ అంది. కానీ ఆలస్యంగా మొదలుపెట్టింది టీమ్, మేడమ్ కాదు. ఆ ‘మనం’ ఆవిడని తప్పులో భాగం చేసింది. ‘మేం రెండు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టాం’ అంటే తప్పు తప్పులా ఒప్పుకున్నట్టు, అది కూడా నిబ్బరంగా. నా అనుభవంలో పై వాళ్లు ఎక్కువ నమ్మేది ఇలాంటి వాక్యాన్నే.

తిప్పి చూస్తే ఇంకో పొరపాటు. ‘మేం మంగళవారం రిలీజ్ చేస్తాం’ అంటే, మీతో నిమిత్తం లేకుండా నిర్ణయించేశాం అన్నట్టుంటుంది. రిలీజ్ అందరిదీ, అందుకని అక్కడ ‘మంగళవారం చేద్దామా’ అనొచ్చు, లేదా ‘మంగళవారానికి మార్చడానికి మీ అనుమతి కావాలి’ అని నేరుగా అడగొచ్చు. నాకు రెండోదే ఇష్టం. ‘చేద్దామా’ సమానుల మధ్య మాట. ‘మీ అనుమతి కావాలి’లో నిర్ణయం ఎవరిదో ఒప్పుకోవడం ఉంది, అదే సమయంలో ఏం కావాలో తేటగా ఉంది. తప్పు, కష్టం ఉన్నచోట మేం. లక్ష్యం, ఫలితం ఉన్నచోట మనం. నిర్ణయం ఉన్నచోట మీరు. ఇలా పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

‘అవ్వలేదు’ అన్న క్రియ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ‘టెస్టింగ్ అవ్వలేదు’ అంటే ఎవరు చేయలేదో తెలియదు, వర్షం పడలేదన్నట్టు ఉంటుంది. తెలుగులో ఈ వాక్యం ఎంత హాయిగా కుదురుతుందో, పై వాళ్లకి అంత అనుమానం కలిగిస్తుంది. ‘పూర్తి చేయలేకపోయాం’ అనండి.

ఐదో అడుగు: ‘కష్టం’ అనకుండా కాదని చెప్పడం

మన దగ్గర పెద్దవాళ్లకి ‘కాదు’, ‘కుదరదు’ అని మొహం మీద చెప్పం. ‘కష్టమండి’, ‘చూద్దామండి’, ‘ట్రై చేస్తాను’ అంటాం. పెళ్లికి పిలిచినవాళ్లతో ‘చూస్తామండి’ అంటే రావట్లేదని వాళ్లకీ అర్థమవుతుంది. ఆఫీసులో అదే మాట పెద్ద ప్రమాదం. ‘రేపు కష్టం’ అన్నదానికి ఆ అమ్మాయి ఉద్దేశం ‘రేపు కుదరదు’. మేడమ్ ‘కష్టపడితే అయిపోతుంది’ అని చదువుకోవచ్చు. అందులో ఆవిడ తప్పేమీ లేదు, తెలుగులో కష్టానికి రెండర్థాలూ ఉన్నాయి. అప్పుడు ఆవిడ “కొంచెం చూడండి, అయిపోవాలి” అని జవాబిస్తారు, రాత్రంతా టీమ్ కూర్చుంటుంది.

దీనికి మందు, ‘కాదు’ అనే బదులు కొలత ఇవ్వడం. ఎంత మిగిలింది, ఎప్పటికవుతుంది, చేయకపోతే ఏమవుతుంది. ‘సోమవారం సాయంత్రం వరకు పడుతుంది’ అన్న వాక్యంలో రేపు కుదరదన్నది తిరుగులేకుండా ఉంది, అయినా ఎదురు చెప్పినట్టు లేదు. దానితోపాటు, మన కోరికకి అయ్యే ఖర్చు కూడా మనమే చెప్పాలి. రిలీజ్ వాయిదా పడితే సపోర్ట్ టీమ్ ఇంకో నాలుగు రోజులు రీఫండ్లు చేత్తోనే చేయాలి. ఆ అమ్మాయి దీన్ని వదిలేద్దామంది, ‘అది చెబితే ఒప్పుకోరేమో’ అని. కానీ మేడమ్‌కి ఆ సంగతి సాయంత్రం ఇంకెవరో చెబితే, మెసేజ్‌లో మర్యాద అంతా కప్పిపుచ్చడానికే అనిపిస్తుంది. అందుకని రాయమన్నాను.

ఆరో అడుగు: మెత్తదనం ఒక్కచోటే

ఇప్పుడు మాత్రమే మెత్తని మాట గురించి ఆలోచించండి. అది కూడా మెసేజ్ మొత్తానికి ఒక్కటి. ‘కాస్త’, ‘కొంచెం’, ‘ఒకసారి’, ‘ప్లీజ్’, 🙏 అన్నీ కలిపి చల్లితే బతిమాలుతున్నట్టుంటుంది, అడుగుతున్నది మీకే సబబు కాదనిపిస్తున్నట్టు కూడా ఉంటుంది.

‘దయచేసి’, ‘పరిశీలించగలరు’, ‘తెలియజేయగలరు’ నోటీసు బోర్డు మాటలు. మీరూ మేనేజర్‌గారూ రోజూ మాట్లాడుకునేటప్పుడు ఇవి ఎప్పుడైనా వచ్చాయా? రాలేదంటే చాట్‌లోనూ వద్దు. మెత్తదనం మాటల్లో కన్నా క్రియ రూపంలో పెడితే తెలుగులో అందంగా కుదురుతుంది. ‘చెప్పు’, ‘చెప్పండి’, ‘చెప్తారా?’ ఈ మూడింటిలో ‘చెప్పండి’ మర్యాదే, అయినా అది ఆజ్ఞ రూపమే. చివరి ‘చెప్తారా?’ ప్రశ్న. కాదనే వీలు ఉంచుతుంది, అయినా జవాబు అడుగుతుంది. ‘మీరు చెప్పాలి’ మాత్రం ఎప్పుడూ వద్దు. అది కోరిక కాదు, బాధ్యత గుర్తు చేయడం. ‘చెప్తే బాగుంటుంది’ కూడా వద్దు. చెప్పకపోయినా ఫర్వాలేదన్న అర్థం వస్తుంది.

ఏడో అడుగు: గడువు, జవాబు రాకపోతే ఏం చేస్తారు

‘త్వరగా’, ‘వీలైనంత తొందరగా’ అని రాస్తే వాళ్ల తీరిక మీద మనం అధికారం చలాయించినట్టుంటుంది, పైగా ఎప్పుడో తెలియదు. గంట చెప్పి, ఆ గంటకి కారణం పని నుంచే చూపించండి. ‘4 గంటలకు లిస్టు ఖరారవుతుంది, ఆలోపు చెప్తారా?’ ఇక్కడ తొందరపెట్టేది మీరు కాదు, లిస్టు.

జవాబు రాకపోతే ఏం చేస్తారో కూడా ఒక వాక్యంలో చెప్పండి. ఇది చాలామంది రాయడానికి జంకుతారు. జంకక్కర్లేదు, అయితే ఒక హద్దు ఉంది. ‘మీరు చెప్పకపోతే ఓకే అనుకుంటాను’ అని పై వాళ్లకి ఎప్పుడూ రాయొద్దు. వాళ్ల మౌనాన్ని మనం సంతకంగా వాడుకున్నట్టవుతుంది. వెనక్కి తిప్పుకోగలిగిన పనిని మాత్రమే చెప్పండి, ఎప్పటివరకు తిప్పుకోవచ్చో కూడా చెప్పండి. రిలీజ్‌ని లిస్టులోంచి ఆపి ఉంచితే మర్నాడు ఉదయం 10 వరకు మళ్ళీ చేర్చే వీలుంది. పంపేస్తే వెనక్కి తేలేం, డబ్బు రెండుసార్లు వెళ్లిపోతుంది. కాబట్టి ఆపి ఉంచడమే రాయాలి.

చివరికి వెళ్లిన మెసేజ్

> మేడమ్, రేపటి రీఫండ్ రిలీజ్‌ని మంగళవారానికి మార్చడానికి మీ అనుమతి కావాలి.
>
> మూడు టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి. ఇలాగే వెళ్తే కొందరు కస్టమర్లకి డబ్బు రెండుసార్లు వాపసు వెళ్లొచ్చు. మేం రెండు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టాం, సరిచేసి మళ్ళీ టెస్ట్ చేయడానికి సోమవారం సాయంత్రం వరకు పడుతుంది. అప్పటిదాకా సపోర్ట్ టీమ్ మరో నాలుగు రోజులు రీఫండ్లు చేత్తోనే చేయాల్సి వస్తుంది.
>
> 4 గంటలకు లిస్టు ఖరారవుతుంది, ఆలోపు చెప్తారా? మీకు వీలు కాకపోతే దీన్ని లిస్టులో పెట్టకుండా ఆపి ఉంచుతాను. రేపు ఉదయం 10 వరకు మళ్ళీ చేర్చొచ్చు.

డేటా టీమ్ మాట తీసేశాం. వాళ్లు ఆలస్యం చేసింది నిజమే. కానీ మంగళవారమా కాదా అన్న నిర్ణయానికి అది అవసరం లేదు. మేడమ్ అడిగితే, అప్పుడు ‘వాళ్ల ఫైలు సోమవారం రావాల్సింది, బుధవారం వచ్చింది’ అని తేదీలతో చెప్పొచ్చు. ‘మళ్ళీ’ రెండుచోట్ల ఉంది, అవి టెస్టు గురించీ లిస్టు గురించీ కాబట్టి ఉంచాం. ప్లీజ్, దండం లేవు. ‘మీ అనుమతి’, ‘చెప్తారా’, ‘మీకు వీలు కాకపోతే’, ఈ మూడు చోట్లే గౌరవమంతా కూర్చుంది.

పంపేముందు ఒక్కసారి పైకి చదవండి. ఆ మేనేజర్ లిఫ్ట్‌లో ఎదురుపడితే ఇవే మాటలు ఇలాగే అనగలరా? ఎక్కడ నాలుక తడబడితే అక్కడ వాక్యం మార్చాలి. గట్టిగా వింటే ‘కదా’లు, ‘గలరు’లు వాటంతటవే బయటపడతాయి.

అంతా ఒకే మెసేజ్‌గా వెళ్లాలి. కంప్యూటర్‌లో స్లాక్‌లోనూ టీమ్స్‌లోనూ మామూలుగా `Enter` నొక్కితే మెసేజ్ వెళ్లిపోతుంది, కింది వరుసకి రావాలంటే `Shift + Enter` నొక్కాలి. ముక్కలు ముక్కలుగా వెళ్లేవన్నీ ఎక్కువగా ఈ చిన్న పొరపాటు వల్లే. నేనైతే నోట్స్‌లో రాసుకుని తెచ్చి అతికిస్తాను. తప్పు పంపి తీసేస్తే, వాట్సాప్‌లో తీసేసిన గుర్తు అక్కడే ఉండిపోతుంది, ఏం తీసేశారా అని చూసేవాళ్లకి అనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల లోపు దిద్దుకునే వీలుంది కాబట్టి, తీసేయడం కన్నా దిద్దడం మేలు.

జవాబుని బట్టి ఎలా వెళ్లిందో తెలుసుకోవడం

“అయితే ఇప్పుడు ఏం చేయమంటావు?” అని వస్తే మీ కోరిక మెసేజ్‌లో మునిగిపోయిందని అర్థం. క్షమాపణలు చెప్పకుండా మొదటి వాక్యాన్ని మాత్రం మళ్ళీ పంపండి. ఎప్పుడూ తెలుగులో రాసేవారు ఉన్నట్టుండి ఇంగ్లీషులో ఒక్క ముక్క జవాబిస్తే, ఎక్కడో మాట జారిందేమో చూసుకోండి. చాలాసార్లు మీటింగ్ తొందర అయి ఉంటుంది కూడా, కాబట్టి ఒక్కసారికే కంగారు పడొద్దు.

ఒట్టి 👍 వస్తే జాగ్రత్త. ‘చూశాను’ అనా, ‘సరే’ అనా? డబ్బుతో ముడిపడిన విషయంలో దాన్ని అనుమతిగా తీసుకోకండి. “మంగళవారానికి మారుస్తున్నాను మేడమ్” అని ఒక వరుస పెట్టి, అప్పుడు మార్చండి. కాదనాలంటే ఆవిడకి అక్కడ వీలుంటుంది. ‘చూద్దాం’ వస్తే, పెళ్లి పిలుపు దగ్గర చెప్పిన అర్థమే ఇక్కడా ఉండొచ్చు. ‘4 లోపు తేలేలా ఉందా మేడమ్?’ అని అడగడంలో మర్యాదకి లోటేమీ లేదు.

ఏమీ రాకపోతే, గడువుకి ఒక అరగంట ముందు ఒక్కసారి గుర్తు చేయండి. అదే మెసేజ్ కింద, ‘3:30 అయింది మేడమ్, రిలీజ్ విషయం’ అన్నంత చాలు. ‘చూశారా?’ అని అడగొద్దు, చూడలేదని ఒప్పించినట్టవుతుంది. అప్పటికీ లేకపోతే ఫోన్ చేయండి. ఇంత పెద్ద విషయానికి ఫోన్ చేస్తే ఎవరూ తప్పు పట్టరు.

ఆ గురువారం 3:10కి జవాబొచ్చింది: “సరే, మంగళవారం. సపోర్ట్ వాళ్లకి నువ్వే చెప్పు, నన్ను కాపీలో పెట్టు.” ఆ అమ్మాయి వెంటనే ‘ఓకే మేడమ్, చెప్తా’ అని టైప్ చేసి ఆగింది. మేడమ్ నువ్వు అన్నారు కాబట్టి మాటలు దగ్గరయ్యాయి, కానీ ఆ దగ్గరితనం ఆవిడ ఇచ్చినంత వరకే. చివరికి “సరే మేడమ్, 4 లోపు సపోర్ట్ వాళ్లకి చెప్పి, మిమ్మల్ని కాపీలో పెడతాను” అని పంపి, కంచం పక్కకి జరిపి లాప్‌టాప్ తెరిచింది.